హంద్రీకి ఇటా, అటా? కర్నూలులో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌కు చోటు వెతికిన లెక్క

వాళ్లిద్దరూ భార్యాభర్తలు, ఇద్దరూ ఫిజియోథెరపిస్టులే. ఐదేళ్లుగా ఇళ్లకు వెళ్లి వైద్యం చేస్తున్నారు, ఇప్పుడు సొంతంగా క్లినిక్ పెట్టుకోవాలి. రెండు చోట్లు చూసిపెట్టుకున్నారు. ఒకటి పాతబస్తీలో, కొండారెడ్డి బురుజు నుంచి నడిచిపోయేంత దూరం. రెండోది హంద్రీ దాటి కల్లూరులో. అద్దె దాదాపు ఒకటే, రెండూ గ్రౌండ్ ఫ్లోరే. "యాడ పెడ్తే బాగుంటాదో నువ్వే చెప్పన్నా" అని ల్యాప్‌టాప్ మ్యాపుల పని చేసే నా ముందు పెట్టారు.

అందులో ఆయన అప్పటికే రెండు వృత్తాలు గీసుకుని ఉన్నాడు. ఒక్కో చోటు చుట్టూ మూడు కిలోమీటర్లు. వృత్తం కాబట్టి రెండింటి వైశాల్యం ఒకటే, సుమారు 28 చదరపు కిలోమీటర్లు. పాతబస్తీ వృత్తం ఇళ్లతో కిక్కిరిసి ఉంది, కల్లూరు వృత్తంలో ఖాళీ జాగాలు కనిపిస్తున్నాయి. ఆయన మనసు పాతబస్తీ వైపే ఉంది. కానీ ఆ వృత్తాన్నే కాస్త పరీక్షగా చూస్తే ఉత్తరాన పెద్ద ముక్క తుంగభద్ర దాటి తెలంగాణ పొలాల్లో పడింది. తూర్పున ఇంకో ముక్క హంద్రీకి అవతల ఉంది. అక్కడి మనిషి కాకిలా ఎగిరి రాడు, వంతెన దాకా వెళ్లి చుట్టి రావాలి.

మామూలు క్లినిక్ అయితే ఇంత పట్టించుకోనక్కర్లేదేమో. జ్వరమొచ్చినవాడు నెలకోసారి వస్తాడు, పది నిమిషాలు ఎక్కువైనా ఓర్చుకుంటాడు. ఫిజియోథెరపీ అలా కాదు. పక్షవాతం వచ్చిన పెద్దాయన, మోకాలి ఆపరేషన్ అయిన అవ్వ వరసగా పది పదిహేను రోజులు రావాలి. షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చోలేరు, ప్రత్యేకంగా ఆటో మాట్లాడుకోవాలి, కొడుకో కోడలో వెంట రావాలి. నాలుగో రోజుకో ఐదో రోజుకో మానేసేవాళ్లు ఎందుకు మానేస్తారని మేడమ్‌ను అడిగాను. "నొప్పి తగ్గి కాదన్నా, తీసుకొచ్చేవాళ్లకు విసుగొచ్చి" అన్నారు. అందుకే ఎన్ని కిలోమీటర్లన్న లెక్క పక్కన పెట్టి, ఎన్ని నిమిషాలన్న లెక్కలోకి దిగాం.

పన్నెండు నిమిషాలు ఎక్కడిది?

ఒక చోటుకు ఇన్ని నిమిషాల్లో చేరుకోగల ప్రాంతమంతటినీ గీస్తే వచ్చేది ఐసోక్రోన్, మన మాటల్లో ప్రయాణ సమయ పరిధి. ఎన్ని నిమిషాలు పెట్టాలన్నది సాఫ్ట్‌వేర్ చెప్పదు, పని తెలిసినవాళ్లే చెప్పాలి. వాళ్ల అనుభవంలో ఇంటి గడప నుంచి క్లినిక్ గడపకు పావుగంట దాటితే మానేసేవాళ్లు పెరుగుతున్నారు. అందులో ఆటో పిలవడం, ఎక్కడం, దిగడం కలిపి మూడు నిమిషాలు తీసేశాను. రోడ్డు మీద మిగిలేది పన్నెండు.

ఈ మూడు నిమిషాలు తీసేయకపోవడం చాలామంది చేసే పొరపాటు. పావుగంటంటే పావుగంటా రోడ్డు మీదే ఉన్నట్టు లెక్కేస్తారు. రోగి నడవలేనివాడైతే ఆటో ఎక్కడానికే రెండు నిమిషాలు పోతుంది.

పనంతా క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లోనే చేశాను. ఐసోక్రోన్ గీసిచ్చే ఆన్‌లైన్ సర్వీసులు ఉన్నాయి, తొందర పనికి అవే వాడతాను. కానీ వాటిలో రోడ్డు వేగాలు వాళ్లవి. పాతబస్తీ సందుల సంగతి వాటికేం తెలుసు? వేగం నా చేతిలో ఉండాలంటే రోడ్ల లేయర్ నా దగ్గరే ఉండాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ రోడ్లను షేప్‌ఫైల్‌గా దించుకుని, నగరం వరకు కత్తిరించి, భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో 44వ జోన్ అయిన `EPSG:32644` లోకి మార్చాను. కర్నూలు 78 డిగ్రీల తూర్పు రేఖాంశానికి దాదాపు ఆనుకునే ఉంది. ఆ గీతకు పడమర యూటీఎం 43వ జోన్, తూర్పున 44. రెండూ కలిపి వాడితే కొలతలు చెడతాయి కాబట్టి మొత్తం 44లోనే ఉంచాను.

తర్వాత ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో `Service area (from point)`. ఇందులో రెండు తిరకాసులు. `Fastest` ఎంచుకుంటే ప్రయాణ ఖర్చును గంటల్లో ఇవ్వాలి. పన్నెండు నిమిషాలంటే 12 అని కాదు, 0.2. మొదటిసారి వాడినప్పుడు నేను 12 కొట్టాను, కత్తిరించుకున్న రోడ్లన్నీ పరిధిలోకి వచ్చేశాయి. రెండోది, ఈ పనిముట్టు మన చోటు నుంచి బయటికి వెళ్లే పరిధిని ఇస్తుంది. మనకు కావలసింది లోపలికి వచ్చే పరిధి. వన్‌వేలు లేని ఊళ్లో తేడా రాదు గానీ, మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు మీద వస్తుంది, ఎందుకంటే వెళ్లేటప్పుడు యూటర్న్ అక్కర్లేనివాడికి వచ్చేటప్పుడు అర కిలోమీటరు ముందుకెళ్లి తిరగాల్సి రావచ్చు. నేను దించుకున్న ఫైల్లో `oneway` కాలమ్‌లో గీత గీసిన దిక్కుకు F, ఎదురు దిక్కుకు T, రెండు వైపులకూ B అని ఉంటుంది. రాకను కొలవాలంటే టూల్‌లో ముందు దిక్కు అన్న చోట T, వెనక దిక్కు అన్న చోట F ఇస్తే చాలు, మొత్తం తిరగబడుతుంది.

పాయింట్ పెట్టేటప్పుడు అక్షాంశం, రేఖాంశం వరస కూడా చూసుకోండి. కర్నూలు సుమారు 15.83, 78.04. వాటిని తారుమారు చేస్తే మన క్లినిక్ ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది. నవ్వుకోవడానికి బాగుంటుంది. కానీ ఒక ఎక్సెల్ షీట్‌లో యాభై చిరునామాలుండి వాటిలో రెండే తారుమారైతే ఎవరూ గమనించరు.

వంతెన దగ్గర ఆగిపోయిన పరిధి

మొదటి రన్‌లో అన్ని రోడ్లకూ గంటకు 25 కిలోమీటర్లు ఇచ్చాను. కల్లూరు పరిధి హంద్రీ ఒడ్డున కత్తితో కోసినట్టు ఆగిపోయింది. నది దగ్గర పరిధి సన్నబడటం సహజమే. వంతెన మీదుగా దారంలా దాటి అవతల మళ్లీ విచ్చుకోవాలి. అసలు దాటనే లేదంటే అనుమానించాలి.

వంతెన దగ్గరకు జూమ్ చేస్తే విషయం తెలిసింది, తప్పు నాదే. అంతకుముందు ఇంకో పనికి ఆ వంతెన గీతను ఉపగ్రహ చిత్రం చూసి నేనే సరిచేశాను. దాని కొస పక్క రోడ్డు కొసకు మీటరున్నర దూరంలో ఆగింది. తెర మీద చూస్తే రెండూ కలిసినట్టే ఉన్నాయి. రెండు గీతలు ఒకే బిందువును పంచుకుంటేనే కంప్యూటర్‌కు దారి ఉన్నట్టు, లేకపోతే అక్కడ గోడ ఉన్నట్టే. అనుమానమొస్తే నిర్ధారించుకోవడం సులువు. వంతెన ఇవతలి నుంచి అవతలికి `Shortest path` అడగాలి, ఎదురుగా ఉన్నచోటికి ఊరంతా తిప్పి తీసుకెళ్తే గీత తెగినట్టే.

`Topology tolerance` లో రెండు మీటర్లు ఇస్తే ఈ ఖాళీ దానంతటదే అతుక్కుంటుంది. తొందరలో పది మీటర్లు ఇచ్చేవాళ్లను చూశాను. అప్పుడు డివైడర్‌కు రెండు వైపులా ఉన్న గీతలు కూడా అక్కడక్కడా అతుక్కుని, లేని యూటర్న్‌లు పుట్టుకొస్తాయి. నేను ఆ కొసను చేత్తోనే లాగి కలిపాను.

వంతెనలు చూస్తూనే హంద్రీని దాటే ప్రతి గీతనూ ఒక్కొక్కటిగా పరిశీలించాను. ఒకటి వంతెనే కాదు, వాగు అడుగున నడిచే మట్టి దారి. వేసవిలో బైకులు దాటుతాయి, నీళ్లొస్తే దారే ఉండదు. మ్యాప్‌లో మాత్రం మామూలు రోడ్డులా ఉంది. 2009 అక్టోబర్ వరద చూసిన ఊరికి హంద్రీ నీళ్ల గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ గీతను తీసేశాను. నడవలేని రోగిని అటునుంచి తెచ్చేవాళ్లు ఎటూ ఉండరు.

ఈ పనిముట్టు ఇచ్చేది రోడ్డు గీతలే, ప్రాంతం కాదు. గీతలను ప్రాంతంగా మార్చాలి. చుట్టూ ఒక తొడుగులాంటి ఆకారం వేసే `Convex hull` వాడితే తుంగభద్ర వంపు, హంద్రీ ఇసుక అన్నీ లోపల పడతాయి. నేను ప్రతి గీతకూ 100 మీటర్ల బఫర్ వేసి కలిపేశాను. రోడ్డుకు వంద మీటర్లలో ఉన్న ఇల్లంటే ఆటో గడప దాకా రాకపోయినా పట్టుకుని నడిపించి తేగలరు. చూడటానికి గుండ్రంగా, అందంగా ఉండదు, చెట్టు వేళ్లలా ఉంటుంది. అలా ఉంటేనే నాకు నమ్మకం.

సాయంత్రం ఆరున్నరకు

25 కిలోమీటర్ల లెక్కతో పాతబస్తీ పరిధిలో సుమారు 1,42,000 మంది, కల్లూరు పరిధిలో 1,18,000 మంది వచ్చారు. ఈ కాగితం ఇచ్చేసి డబ్బులు తీసుకోవచ్చు. కానీ పాతబస్తీలో సాయంత్రం పూట 25 వేగంతో ఎవరు పోతారు? ఆ ఊరివాడిని, నాకు తెలుసు.

మూడు సాయంత్రాలు బైక్ మీద తిరిగాను, పద్నాలుగు ట్రిప్పులు. నాలుగు ట్రిప్పులు ఆటోలో కూడా వెళ్లాను. సాయంత్రమే ఎందుకంటే, రోగిని తీసుకొచ్చే కొడుకు ఉద్యోగం నుంచి వచ్చేది అప్పుడే. ఫోన్‌లో జీపీఎస్ ట్రాక్ పెట్టి, బయలుదేరిన నిమిషం, చేరిన నిమిషం చీటీ మీద రాసుకున్నాను. బజారు మీదుగా మోడల్ ఆరు నిమిషాలు చెప్పిన దారి నాకు పది పట్టింది. ఒకరోజు ఒక తోపుడు బండి, ఒక పెళ్లి బరాత్ కలిసి పదిహేను చేశాయి. దాన్ని లెక్కలోంచి తీసేశాను. నంద్యాల చెక్‌పోస్టు వైపు పెద్ద రోడ్డు మీద మాత్రం మోడల్ ఆరు అన్నచోట ఐదుకే చేరాను.

ఈ కేసులో మలుపు ఇక్కడే ఉంది. మోడల్ అన్నిచోట్లా ఒకే నిష్పత్తిలో తప్పితే రెండు పరిధులూ ఒకేలా కుంచించుకుపోయేవి, ఎవరు ముందన్నది మారకపోయి ఉండవచ్చు. కానీ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ చెబుతోంది. అలాంటప్పుడు మొత్తాన్ని ఒక అంకెతో భాగించి సరిపెట్టుకోకూడదు. రోడ్డు రకాన్ని బట్టి `speed` అనే కొత్త కాలమ్ రాశాను:

```
CASE
  WHEN "fclass" IN ('trunk','primary') THEN 30
  WHEN "fclass" IN ('secondary','tertiary') THEN 22
  WHEN "fclass" = 'residential' THEN 15
  ELSE 10
END
```

తర్వాత పాతబస్తీ చుట్టూ చేత్తో ఒక హద్దు గీసి, అందులో పడే రోడ్ల వేగాన్నంతా 0.6తో గుణించాను. ఇంటి సందులో గంటకు తొమ్మిది కిలోమీటర్లు వచ్చింది. చదవడానికి తక్కువనిపిస్తుంది గానీ, నా చీటీలతో పోలిస్తే మిగిలిన పదిహేడు ట్రిప్పుల్లో పదిహేను ఒకటిన్నర నిమిషం తేడాలోకి వచ్చాయి. ఫుట్‌పాత్‌లు, మెట్లు, కాలిబాటలు ఆటో నెట్‌వర్క్ లోంచి ముందే తీసేశాను. అవి ఉంటే కంప్యూటర్ ఆటోను మెట్ల మీదుగా కూడా పంపుతుంది.

సరిచేసిన వేగాలతో లెక్క తిరగబడింది. పన్నెండు నిమిషాలకు పాతబస్తీ 78,000, కల్లూరు 96,000.

ఈ జనం లెక్క ఎక్కడిదో చెప్పాలి. వరల్డ్‌పాప్ వాళ్ల సుమారు వంద మీటర్ల గడుల రాస్టర్ తీసుకుని, ప్రతి పరిధికీ `Zonal statistics` తో మొత్తం లెక్కగట్టాను. ఆ గడుల్లోని అంకెలు ఎవరూ ఇంటింటికీ వెళ్లి లెక్కపెట్టినవి కావు. జనగణన లెక్కను భవనాలు, రోడ్లు, రాత్రి వెలుతురు వంటి ఆనవాళ్లను బట్టి గడులకు పంచినవి. మన దగ్గర దానికి ఆధారం 2011 జనగణన. అందుకే అంకెను మనుషుల సంఖ్యగా కాకుండా త్రాసులా చూడాలి. రెండు చోట్లలో ఏది బరువో చెబుతుంది, అసలు బరువెంతో చెప్పదు. బజారు ప్రాంతంలో పైన గోడౌన్లు ఉన్న భవనాలకూ మనుషుల్ని పంచేస్తుంది. కల్లూరు వైపు కొత్తగా లేచిన కాలనీలకు తక్కువ పంచుతుంది. నాలుగైదు చోట్ల ఉపగ్రహ చిత్రంలో ఇళ్ల కప్పులు లెక్కపెట్టి చూశాను, కల్లూరు అంకె తక్కువే గానీ ఎక్కువ కాదనిపించింది.

ఒక నిమిషం అటూ ఇటూ

78, 96 అంకెలు చూసి సార్ వెంటనే "అయితే కల్లూరే" అన్నాడు. ఆగమన్నాను. పన్నెండు అన్నది మనం పెట్టుకున్న గీత. అదే రన్‌ను పదికి, పదిహేనుకి మళ్లీ చేశాను. పది నిమిషాలకు 55,000, 61,000. పదిహేనుకు 1,24,000, 1,27,000. అంటే పన్నెండు దగ్గర కనిపించిన పెద్ద తేడా రెండు వైపులా కరిగిపోతోంది. కారణం మ్యాప్‌లోనే ఉంది. పాతబస్తీ నుంచి బయటపడటానికే పది పన్నెండు నిమిషాలు పడుతోంది. ఒక్కసారి పెద్ద రోడ్డెక్కితే పరిధి దూకుతుంది, పదిహేనుకల్లా కల్లూరును అందుకుంటుంది. ఒక్క అంకె దగ్గరే పెద్ద తేడాతో గెలిచే చోటును జనం లెక్కతోనే గెలిచిందని చెప్పడానికి నాకు మనసొప్పదు. రెండూ దాదాపు సమానమని చెప్పేశాను. ఆయన ముఖం కాస్త వాడింది.

తేల్చింది ఇంకో లెక్క. నగరంలో ఇప్పటికే ఉన్న ఫిజియోథెరపీ కేంద్రాలు తొమ్మిదింటిని మేడమ్ మ్యాప్ మీద పెట్టించారు. ఎక్కువ భాగం ఆసుపత్రులు గుంపుగా ఉన్న చోట్లే, నగరం నడిబొడ్డున ఉన్నాయి. ఒక్కోదానికి ఆరు నిమిషాల పరిధి గీసి, అన్నీ కలిపి, మా రెండు పరిధుల్లోంచి `Difference` తో కోసేశాను. ఆరు ఎందుకంటే, ఇంటి దగ్గర్లోనే ఒకరుంటే పన్నెండు నిమిషాల దూరం రావడానికి బలమైన కారణం కావాలి. పాతబస్తీలో మిగిలినవాళ్లు 21,000. కల్లూరులో 54,000. ఆరును ఐదు చేసినా, ఎనిమిది చేసినా రెట్టింపు తేడా పోలేదు. అది చూశాక నాకు ధైర్యం వచ్చింది.

వాళ్ల పాత రిజిస్టర్‌లోని 62 చిరునామాలు కూడా వేశాం. వాటికి పెద్దగా బరువివ్వలేదు. ఐదేళ్లూ వాళ్లే రోగి ఇంటికి వెళ్లారు కాబట్టి, వాళ్లకు వీలైన వీధులే రిజిస్టర్‌లో ఉన్నాయి.

కల్లూరులో చూసిన ఇల్లు చివరికి కుదరలేదు, యజమాని అడ్వాన్స్ పెంచేశాడు. వంతెన వైపు మూడు వందల మీటర్ల దగ్గరలో ఇంకొకటి దొరికింది. పాయింట్ జరిపి మళ్లీ రన్ చేశాను, అంకె అటూ ఇటూ రెండు వేలు కూడా మారలేదు. పన్నెండు నిమిషాల లెక్కలో మూడు వందల మీటర్లంటే నిమిషం కూడా కాదు. నేను చూసింది ర్యాంపు వేయడానికి గేటు ముందు జాగా ఉందా, ఆటో వెనక్కి తిరగగలదా అన్నదే.

క్లినిక్ తెరిచిన నాలుగు నెలలకు మేడమ్ కొత్త రోగుల ఏరియాలు రాసి పంపారు. పేర్లు వద్దన్నాను, కాలనీ, ఎలా వచ్చారన్నది చాలు. 90 మందిలో 68 మంది పన్నెండు నిమిషాల పరిధి లోపలివాళ్లే. నదికి అవతలి నుంచి వచ్చినవాళ్లు నేననుకున్నదానికన్నా తక్కువ, ఐదుగురే. వాళ్లకు లెక్క ప్రకారం పదకొండు నిమిషాలే, అయినా వంతెన దాటడమంటే వేరే ఊరికి పోయినట్టు అనుకుంటారట. నిమిషాల్లో అది కొలవలేను.

నేను పూర్తిగా తప్పిపోయింది వేరే దగ్గర. పద్నాలుగు మంది ఓర్వకల్లు దారిలోని ఊళ్ల నుంచి, ఇంకా దూరం నుంచి బస్సులో వస్తున్నారు. నా నెట్‌వర్క్‌లో ఆటో ఉంది, బైక్ ఉంది, బస్సు లేదు. నగరం వరకు కత్తిరించిన రోడ్ల ఫైల్లో ఆ ఊళ్లే లేవు. వాళ్లకు ప్రయాణం గంట పైనే. అందులో మేం మార్చగలిగేది బస్సు దిగిన చోటు నుంచి క్లినిక్ దాకా ఉన్న నడక ఒక్కటే. మొన్న సార్ ఫోన్ చేసి, జాగా చాలడం లేదు, ఇంకో గది చూస్తున్నామన్నాడు. ఈసారి పాయింట్‌ను క్లినిక్ మీద పెట్టలేదు. చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగే చోట పెట్టి, కర్ర పట్టుకుని నడిచే మనిషి వేగం, గంటకు రెండు కిలోమీటర్లు ఇచ్చి, ఐదు నిమిషాల నడక పరిధి గీశాను. నూట అరవై, నూట డెబ్బై మీటర్లకు మించి రాలేదు. అందులో అద్దెకున్న గ్రౌండ్ ఫ్లోర్లు రెండే.